పొద్దున ఒక తేడా, మధ్యాహ్నం ఇంకో తేడా: ఫర్నేస్ థర్మోకపుల్ రీడింగ్‌పై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్లే వైపు ఉన్న ఒక చిన్న హీట్ ట్రీట్‌మెంట్ షాపు ఇది. గ్రానైట్ క్వారీల్లో తిరిగే ఎక్స్‌కవేటర్లకూ బ్రేకర్లకూ పిన్నులు, బుష్‌లు ఇక్కడ గట్టిపరుస్తారు. మెటీరియల్ ఎక్కువగా ఈఎన్ 19 స్టీలు. గోతిలో దించిన 60 కిలోవాట్ల కరెంటు ఫర్నేస్‌లో 860 డిగ్రీల దగ్గర నానబెట్టి, నూనెలో ముంచి, తర్వాత 550 దగ్గర టెంపరింగ్ చేస్తారు. హీటర్లను థైరిస్టర్ నడుపుతుంది, దానికి ఆజ్ఞ పీఎల్‌సీలోని పీఐడీ నుంచి వస్తుంది.

ఫర్నేస్‌లో ఉన్నది ఒకే తొడుగులో రెండు జతల లోహపు తీగలున్న కె టైప్ థర్మోకపుల్. మొదటి జత ఫర్నేస్ గోడ పక్కనున్న జంక్షన్ బాక్సుకు వచ్చి, అక్కడి నుంచి 35 మీటర్ల దూరంలోని ప్యానెల్‌లో పీఎల్‌సీ థర్మోకపుల్ మాడ్యూల్‌కు చేరుతుంది. కంట్రోల్ దీనిమీదే. రెండో జతకు థర్మోకపుల్ తలలోనే ట్రాన్స్‌మిటర్ బిగించి ఉంది. అది 4–20 మిల్లీ ఆంప్స్‌గా మారి మామూలు అనలాగ్ ఇన్‌పుట్‌కు వస్తుంది. దానితో హై లిమిట్ ట్రిప్ కట్టారు. మొదట ఆ ట్రిప్ 900 దగ్గర ఉండేది.

సమస్య

వేసవిలో పిన్నులకు పగుళ్లు మొదలయ్యాయి. గ్రీజు రంధ్రం అంచున సన్నటి గీతలాగా మొదలై పొడవునా పాకేవి. లాట్ రికార్డులు తిరగేస్తే పగిలినవన్నీ మధ్యాహ్నం రెండింటి తర్వాత నూనెలో పడ్డవే. పొద్దున బ్యాచ్‌లు బాగానే ఉన్నాయి. స్క్రీన్ మీద రెండు పూటలా 860 డిగ్రీలే ఉంది, ట్రెండ్ గీత కూడా తాడు కట్టినట్టు తిన్నగా ఉంది.

మొదటి అనుమానం నూనె మీదకు పోయింది. ఎండకు నూనె వేడెక్కి ఉంటుందని దాన్ని 60 డిగ్రీలకు కట్టడి చేశారు. పగుళ్లు ఆగలేదు. మెటీరియల్ హీట్ నంబరు మార్చి చూశారు, అదే ఫలితం. ఉష్ణోగ్రత మీద మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే స్క్రీన్ మీద 860 ఉంది.

ఆధారం మాత్రం కళ్ల ముందే ఉంది. రెండో ఛానెల్ పొద్దున 883 చూపిస్తే మధ్యాహ్నం 908 చూపిస్తోంది. "అది ఎప్పుడూ ఎక్కువే చూపిస్తది సార్, దాన్ని లెక్కలోకి తీసుకోం" అన్నారు షిఫ్ట్‌లో ఉన్నాయన. 900 దగ్గర ఊరికే ట్రిప్ అవుతోందని హై లిమిట్‌ను 930కి పెంచేశారు కూడా. ఎక్కువ చూపించడం ఒక విషయం, ఆ ఎక్కువ పూటపూటకూ మారడం ఇంకో విషయం. ఈ రెండింటినీ విడదీసి చూడకపోవడం వల్లే రెండు నెలలు పోయాయి.

ఏమేం ప్రయత్నించారు, ఎందుకు పనిచేయలేదు

ముందు థర్మోకపుల్ మార్చారు. కొత్తదీ పాతదీ ఒకే రీడింగ్ ఇచ్చాయి.

తర్వాత మిల్లీవోల్ట్ కాలిబ్రేటర్ తెచ్చి మాడ్యూల్ టెర్మినళ్ల దగ్గర రాగి తీగలతో 35.313 మిల్లీవోల్టులు ఇచ్చారు. కె టైప్ పట్టికలో 850 డిగ్రీలకు ఉన్న విలువ అదే. స్క్రీన్ 890 చూపించింది. మాడ్యూల్ 40 డిగ్రీలు తప్పు చూపిస్తోందని తేల్చి కొత్త మాడ్యూల్ వేశారు. అదీ 890 చూపించింది. నిజానికి రెండు మాడ్యూళ్లూ సరైనవే.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. థర్మోకపుల్ ఉష్ణోగ్రతను కొలవదు, రెండు కొసల మధ్య తేడాను కొలుస్తుంది. పట్టికలోని 35.313 అనేది చల్లటి కొస సున్నా డిగ్రీల మంచులో ఉన్నప్పటి లెక్క. ప్యానెల్‌లో చల్లటి కొస మాడ్యూల్ టెర్మినల్ దగ్గర ఉంది, అక్కడ ఆ సమయానికి 40 డిగ్రీలు. అందుకే మాడ్యూల్ తన లోపలి సెన్సార్‌తో టెర్మినల్ వేడిని కొలిచి, దానికి సరిపడే 1.612 మిల్లీవోల్టులను తానే కలుపుతుంది. కోల్డ్ జంక్షన్ కాంపెన్సేషన్ అంటే ఇంతే. 35.313కి 1.612 కలిపితే 36.925. పట్టికలో అది సరిగ్గా 890 డిగ్రీలు. మాడ్యూల్ తన పని తాను చేసింది. 850 కనిపించాలంటే ఇవ్వాల్సింది 35.313లోంచి 1.612 తీసేసిన 33.701 మిల్లీవోల్టులు. అలా ఇచ్చినప్పుడు స్క్రీన్ 850 చూపించింది.

మూడో ప్రయత్నం అన్నిటికంటే నష్టం చేసింది. నానబెట్టే సమయంలో విడిగా ఒక రిఫరెన్స్ ప్రోబ్ దించి చూస్తే, స్క్రీన్ మీద 860 ఉన్న మధ్యాహ్నం లోపల దాదాపు 890 ఉంది. సరే, తక్కువ చూపిస్తోంది కదా అని ప్రోగ్రామ్‌లో 25 డిగ్రీలు కలిపేశారు. మధ్యాహ్నం పగుళ్లు తగ్గాయి. వారం తిరక్కుండా పొద్దున బ్యాచ్‌లో మందపాటి పిన్నులు హార్డ్‌నెస్‌లో ఫెయిలయ్యాయి. పొద్దున అసలు తేడా 5 డిగ్రీలే. దానికి 25 కలిపితే స్క్రీన్ 860 అన్నప్పుడు లోపల 840 మాత్రమే ఉంటుంది.

ఆఫ్‌సెట్ కలపడం ఎప్పుడూ తప్పని కాదు. రోజంతా, అన్ని ఉష్ణోగ్రతల దగ్గరా మారని తేడాకు అది సరిపోతుంది. ఇక్కడి తేడా గంటగంటకూ మారుతోంది. అందుకే మొదట అడగాల్సింది తేడా ఎంత అని కాదు, అది దేన్నిబట్టి మారుతోంది అని. పూటను బట్టి మారితే చల్లటి కొస వైపు చూడాలి. ఫర్నేస్ ఉష్ణోగ్రతను బట్టి మారితే మిల్లీవోల్టులను వక్రం ప్రకారం డిగ్రీల్లోకి మార్చే లీనియరైజేషన్ వైపు చూడాలి. ఈ ఫర్నేస్‌లో రెండూ ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయాయి.

తేల్చిన పరీక్ష

మధ్యాహ్నం మూడింటికి, ఫర్నేస్ వేడి మీద ఉండగానే, హీటర్లు ఆపి, ప్రోగ్రామ్‌లో కలిపిన 25 డిగ్రీలు తీసేసి పరీక్ష చేశారు. దీనికి చిన్న తీగ ముక్క, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే చాలు.

మొదట మాడ్యూల్ టెర్మినళ్ల దగ్గర ఫీల్డ్ తీగలు ఊడదీసి, ఆ రెండు టెర్మినళ్లను పొట్టి రాగి తీగతో కలిపారు. అప్పుడు వచ్చే మిల్లీవోల్టులు సున్నా, కాబట్టి స్క్రీన్ టెర్మినల్ వేడినే చూపాలి. 40 చూపించింది. టెర్మినల్ పక్కన పెట్టిన థర్మామీటరులోనూ 40. మాడ్యూల్ కాంపెన్సేషన్ బాగుంది.

తర్వాత తీగలు తిరిగి బిగించి, ఫర్నేస్ పక్కనున్న జంక్షన్ బాక్సు దగ్గరకు వెళ్లారు. థర్మోకపుల్ వైపు తీగలు ఊడదీసి, ప్యానెల్‌కు వెళ్లే రెండు తీగలను బాక్సులోనే కలిపారు. అవి థర్మోకపుల్‌కు సరిపడే లోహాలతో చేసిన కె టైప్ ఎక్స్‌టెన్షన్ తీగలైతే స్క్రీన్ బాక్సు వేడిని చూపాలి. బాక్సు లోపల ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరులో 70 ఉంది. స్క్రీన్ మాత్రం 40 దగ్గరే కదలకుండా నిలబడింది.

అంటే బాక్సుకూ ప్యానెల్‌కూ మధ్య ఉన్నది రాగి. తొడుగు కాస్త గీరితే లోపల ఎర్రగా కనిపించింది. కొన్ని నెలల కింద ఎలుకలు కేబుల్ కొరికితే, స్టోర్‌లో ఉన్న 1.5 స్క్వేర్ కంట్రోల్ కేబుల్ లాగి బిగించారు. రీడింగ్ వచ్చింది కాబట్టి అందరూ సరే అనుకున్నారు. తీగ తెగితే రీడింగ్ నిలవదు, కానీ తీగ రకం మారితే రీడింగ్ నిలకడగా వస్తుంది, తప్పుగా వస్తుంది.

లెక్క ఇలా ఉంది. రాగి వేయడంతో అసలు చల్లటి కొస ప్యానెల్ నుంచి జంక్షన్ బాక్సుకు జరిగిపోయింది. అక్కడ 70 డిగ్రీలు, అంటే 2.851 మిల్లీవోల్టులు పోతున్నాయి. మాడ్యూల్ మాత్రం 40 డిగ్రీలకు సరిపడే 1.612 మాత్రమే కలుపుతోంది. లోటు 1.239 మిల్లీవోల్టులు. 860 ప్రాంతంలో ఒక డిగ్రీకి 40 మైక్రోవోల్టుల చిల్లర వస్తుంది కాబట్టి లోటు దాదాపు 31 డిగ్రీలు. పొద్దున ఫర్నేస్ గోడ ఇంకా వేడెక్కదు. బాక్సు 36, ప్యానెల్ 31, లోటు 5 డిగ్రీలే. పొద్దున లోపల 865, మధ్యాహ్నం 891. పిన్నులు పగలడానికి కారణం ఈ 26 డిగ్రీలు.

ఈ దశలో ఒక ప్రతిపాదన వచ్చింది: కేబుల్ మార్చకుండా, బాక్సులో ఒక పీటీ 100 ఉష్ణోగ్రత సెన్సార్ పెట్టి, బాక్సుకూ ప్యానెల్‌కూ ఉన్న తేడా డిగ్రీలను ప్రోగ్రామ్‌లో కలిపేద్దామని. కె టైప్‌కు అది దాదాపు సరిపోతుంది, 30కి బదులు 31, అంతే తేడా. కానీ డిగ్రీలకు డిగ్రీలు కలిపే పద్ధతి అలవాటు కాకూడదని వద్దన్నారు. అదే షాపులో ఎస్ టైప్‌తో నడిచే ఇంకో ఫర్నేస్ ఉంది. ఎస్ టైప్‌లో 40కీ 70కీ మధ్య తేడా సుమారు 0.2 మిల్లీవోల్టు. 860 దగ్గర దానికి ఒక డిగ్రీకి 11 మైక్రోవోల్టులు. అంటే 30 డిగ్రీల తేడా అక్కడ 18 డిగ్రీలుగా మాత్రమే కనిపిస్తుంది. 30 కలిపితే 12 డిగ్రీల తప్పు కొత్తగా పుడుతుంది. చల్లటి కొస సవరణ ఎప్పుడూ మిల్లీవోల్టుల్లోనే కలపాలి, ఆ తర్వాతే డిగ్రీల్లోకి మార్చాలి.

కేబుల్ మార్చాక మిగిలినది

35 మీటర్లూ కె టైప్ ఎక్స్‌టెన్షన్ కేబుల్ లాగారు. షీల్డ్ ఉన్నదే వేసి, షీల్డ్‌ను ప్యానెల్ వైపు ఒక్కచోటే ఎర్త్ చేశారు. హీటర్ పవర్ కేబుళ్ల ట్రే నుంచి దీన్ని తప్పించారు. బాక్సులోని మామూలు టెర్మినళ్లను కె టైప్ లోహంతో చేసిన వాటితో మార్చారు. బాక్సులో రెండు పక్కపక్క టెర్మినళ్లూ ఒకే వేడిలో ఉంటే మామూలు టెర్మినళ్లు కూడా పెద్ద తప్పు చేయవు. కానీ ఈ బాక్సుకు ఒక పక్కనుంచే ఫర్నేస్ సెగ తగులుతుంది.

రంగుల దగ్గర జాగ్రత్త అవసరమైంది. ఐఈసీ కేబుల్‌లో కె టైప్‌కు ఆకుపచ్చ ప్లస్, తెలుపు మైనస్. అమెరికన్ రంగుల కేబుల్‌లో పసుపు ప్లస్, ఎరుపు మైనస్. మన ఎలక్ట్రీషియన్లకు ఎరుపంటే ప్లస్ అని అలవాటు. ఎక్స్‌టెన్షన్ కేబుల్‌ను రెండు కొసల దగ్గరా తిప్పి కలిపితే రీడింగ్ పైకే పోతుంది, తప్పు తెలియదు. కానీ బాక్సుకూ ప్యానెల్‌కూ 30 డిగ్రీల తేడా ఉంటే రీడింగ్ 60 డిగ్రీలు తగ్గుతుంది. రాగి వేసినదానికంటే రెట్టింపు తప్పన్నమాట. బాక్సు దగ్గర షార్ట్ చేసే పరీక్ష దీన్నీ పట్టేస్తుంది. 70 రావాల్సిన చోట 10 వస్తుంది.

పరీక్షకు తీసేసిన 25 డిగ్రీల ఆఫ్‌సెట్ మళ్లీ పెట్టలేదు. ఇప్పుడు కంట్రోల్ ఛానెల్ 860 అంటే రిఫరెన్స్ ప్రోబ్ కూడా 860కి రెండు డిగ్రీల లోపే ఉంది, పొద్దునా మధ్యాహ్నమూ. రెండో ఛానెల్ మాత్రం రెండు పూటలా 878. టెంపరింగ్ చేసేటప్పుడు 550కి 560. పూటతో మారడం పోయింది, ఉష్ణోగ్రతతో మారడం మిగిలింది.

ఆ ట్రాన్స్‌మిటర్ పాత రకం. తనలో చల్లటి కొస సవరణ ఉంది కానీ లీనియరైజేషన్ లేదు. 0 నుంచి 48.838 మిల్లీవోల్టులను నేరుగా 4–20 మిల్లీ ఆంప్స్‌గా పంపుతుంది. 48.838 అంటే 1200 డిగ్రీలు. పీఎల్‌సీలో దాన్ని 0–1200గా ఒకే సరళరేఖలో స్కేల్ చేశారు. కె టైప్ వక్రం ఆ రేఖమీద నడవదు. 860కి 35.718 మిల్లీవోల్టులు. దాన్ని 48.838తో భాగించి 1200తో గుణిస్తే 878 వస్తుంది. 550కి 22.776, అలా చేస్తే 560. ఎప్పుడూ ఎక్కువే చూపిస్తదన్న మాటకు అసలు కారణం ఇదే.

పీఎల్‌సీలో ఒక చిన్న పట్టిక పెడితే ఇది తీరిపోయింది. పెద్ద పాలినామియల్ అక్కర్లేదు. 500కి 20.644, 600కి 24.905, 700కి 29.129, 800కి 33.275, 900కి 37.326, 1000కి 41.276. మధ్యలో సరళరేఖ. 35.718 మిల్లీవోల్టులకు లెక్క కడితే 860.3 వచ్చింది. ఈ పనికి అది చాలు. ఇక్కడ ఒక పొరపాటుకు అవకాశం ఉంది: ట్రాన్స్‌మిటర్ ముందే చల్లటి కొస సవరణ కలిపేసింది కాబట్టి ప్రోగ్రామ్‌లో మళ్లీ కలపకూడదు.

రెండు ఛానెళ్లూ మూడు డిగ్రీల లోపు కలిశాక హై లిమిట్‌ను తిరిగి 900కి దించారు.

తీగ తెగితే

కేబుల్ పని జరుగుతున్నప్పుడే ఇంకో లోపం బయటపడింది. ఫర్నేస్ 860 దగ్గర ఉండగా బాక్సులో ఒక తీగ కావాలని ఊడదీశారు. స్క్రీన్ మీద వెంటనే ఏమీ జరగలేదు. రీడింగ్ అక్కడే కాసేపు ఊగి, మెల్లగా దిగడం మొదలుపెట్టింది. నలభై సెకన్లకు 820ల్లోకి వచ్చింది, హీటర్ ఔట్‌పుట్ 100 శాతానికి పోయింది. అలారం లేదు. ఫర్నేస్ చల్లబడుతోందని పీఎల్‌సీ నమ్మింది. అర్ధరాత్రి తీగ తెగి ఉంటే, ఆపడానికి 930కి పెంచిన ఆ హై లిమిట్ ఒక్కటే దిక్కు.

మాడ్యూల్ సెట్టింగ్‌లో వైర్ బ్రేక్ గుర్తింపు ఆపేసి ఉంది. పాత కేబుల్‌కు థైరిస్టర్ నాయిస్ వచ్చి తరచూ అలారం మోగుతుంటే ఎవరో ఆపేశారు. అది ఆపితే తెగిన ఇన్‌పుట్ ఎటూ కట్టుబడక గాల్లో ఉంటుంది, విలువ దానిష్టం. కొత్త కేబుల్ వేశాక దాన్ని తిరిగి ఆన్ చేశారు. ఈసారి తీగ ఊడదీసిన రెండు సెకన్లకు విలువ గరిష్ఠమైన 32767 అయింది. హీటింగ్‌కు కావాల్సింది ఇదే: తెగితే రీడింగ్ పైకి పోవాలి, హీటర్ ఆగాలి. కూలింగ్ లూప్ అయితే దీనికి ఎదురు.

వైర్ బ్రేక్ గుర్తింపు కోసం మాడ్యూల్ తీగల్లోకి అతి చిన్న కరెంటు పంపుతుంది. కరెంటు నిరంతరం పారే రకమైతే దానికి కొంత మూల్యం ఉంది. ఉదాహరణకు అర మైక్రోఆంప్, 100 ఓమ్‌ల లూప్ రెసిస్టెన్స్ అనుకుంటే 50 మైక్రోవోల్టులు, అంటే ఒక డిగ్రీ పైచిలుకు. సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగ చాలా దూరం లాగేవాళ్లు ఇది లెక్కపెట్టుకోవాలి.

అయితే 32767 వచ్చినంత మాత్రాన పని అయిపోలేదు. ప్రోగ్రామ్‌లో ముందు పది శాంపిళ్ల సగటు తీసి, తర్వాతే తప్పు ఉందా అని చూసేవారు. 32767 అంటే స్కేల్ అయ్యాక 3276.7 డిగ్రీలు. అది తొమ్మిది 860లతో కలిస్తే సగటు 1102. ఆపరేటర్‌కు తీగ తెగిందని కాదు, ఫర్నేస్ మండిపోతోందని కనిపిస్తుంది. అందుకే తప్పును ఫిల్టర్‌కు ముందే పట్టాలి:

```
tcFault := (rawTC = 32767) OR (rawTC = -32768);
IF tcFault THEN
    tcTrip := TRUE;
ELSE
    tempIn := INT_TO_REAL(rawTC) / 10.0;
END_IF;
IF tcTrip THEN
    heatOut := 0.0;
END_IF;
```

`tcTrip` దానంతటది పోదు, ఆపరేటర్ రీసెట్ చేయాలి. కారణం ఉంది. కాలిపోయిన థర్మోకపుల్ కొస చల్లబడినప్పుడు మళ్లీ తగులుకుని, వేడెక్కినప్పుడు విడిపోవచ్చు. లాచ్ లేకపోతే హీటర్ రాత్రంతా ఆగుతూ వెలుగుతూ ఉంటుంది. ట్రిప్ ఉన్నంతసేపూ పీఐడీని మాన్యువల్‌లో సున్నా దగ్గర పెట్టారు, లేకపోతే ఇంటిగ్రల్ పేరుకుని తిరిగి ఆన్ అయినప్పుడు ఓవర్‌షూట్ ఇస్తుంది.

వైర్ బ్రేక్ గుర్తింపు పట్టలేనిది ఒకటుంది: షార్ట్. సెగకు ఇన్సులేషన్ కరిగి బాక్సులో రెండు తీగలూ ఒకదాన్నొకటి తాకితే అక్కడే కొత్త వేడి కొస పుడుతుంది. రీడింగ్ 70 దగ్గర హాయిగా నిలుస్తుంది. లూప్ మూసే ఉంది కాబట్టి మాడ్యూల్‌కు తప్పేమీ కనిపించదు, హీటర్లు మాత్రం నూరు శాతం. దీనికి ప్రోగ్రామ్‌లో రెండు కాపలాలు పెట్టారు. ఔట్‌పుట్ 90 శాతం పైన పది నిమిషాలు ఉండి కూడా రీడింగ్ 8 డిగ్రీలు పెరగకపోతే ట్రిప్. ఈ ఫర్నేస్ పూర్తి పవర్ మీద పది నిమిషాల్లో 30 డిగ్రీలకు తక్కువ ఎక్కదు, అందుకే 8. మూత తెరిచి చల్లటి సరుకు దించాక పది నిమిషాలు ఈ లెక్క ఆపుతారు, లేకపోతే ప్రతి లోడింగ్‌కూ ట్రిప్ అవుతుంది. రెండోది, రెండు ఛానెళ్ల మధ్య తేడా 15 డిగ్రీలు దాటి రెండు నిమిషాలు ఉంటే అలారం. లీనియరైజేషన్ సరిచేయక ముందు ఈ పోలిక పెట్టడమే కుదిరేది కాదు, మామూలు రోజునే తేడా 18 ఉండేది.

ఈ పోలికకూ ఒక హద్దుంది. రెండు జతలూ ఒకే తొడుగులో, ఒకే వేడిలో ముసలివవుతాయి. ఇద్దరూ కలిసి తప్పితే తేడా కనిపించదు. అందుకని మూడు నెలలకోసారి విడి రిఫరెన్స్ ప్రోబ్ 860 దగ్గర దించి చూస్తున్నారు.

జంక్షన్ బాక్సు మూత లోపల ఇప్పుడు ఒక కాగితం అంటించి ఉంది. పైన తీగల రంగులు, ప్లస్ మైనస్. కింద నెలవారీ పరీక్షకు గడులు: తేదీ, ప్యానెల్ దగ్గర షార్ట్ చేస్తే స్క్రీన్ ఎంత, టెర్మినల్ వేడి ఎంత, బాక్సు దగ్గర షార్ట్ చేస్తే స్క్రీన్ ఎంత, బాక్సు వేడి ఎంత. మధ్యాహ్నం మూడింటికే చేయాలని పక్కన రాసి ఉంది. పొద్దున బాక్సూ ప్యానెలూ దాదాపు ఒకే వేడిలో ఉంటాయి, అప్పుడు రాగి తీగ కూడా పాసైపోతుంది.